రద్దీలో ఆగి ఆగి నడపాలంటే కొత్తవారికి ఆటోమేటిక్ మేలా, మాన్యువల్ మేలా?

ప్రశ్న: "మాది విజయవాడ పటమట. నా వయసు 38. డ్రైవింగ్ స్కూల్లో 15 రోజులు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. మొదటి వారంలోనే ఒక సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర మా పాత కారు మూడుసార్లు ఆగిపోయింది. వెనక హారన్లు, చేతులు వణికాయి. అప్పటి నుంచి తాళం ముట్టుకోలేదు. రోజూ వన్‌టౌన్ దాకా ఆఫీసుకు వెళ్లాలి. ఆటోమేటిక్ కొనుక్కోమంటారా? మాన్యువల్ వస్తేనే డ్రైవింగ్ వచ్చినట్టని ఇంట్లో అందరూ అంటున్నారు."

ఆటోమేటిక్ తీసుకోండమ్మా. మీ దారికి, మీరు చెప్పిన భయానికి అదే సరైన బండి. కాకపోతే కొనే ముందు దాన్ని మీ అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద నడిపి చూడాలి. కొన్న తర్వాత మొదటి వారం రోడ్డెక్కకుండా కుడికాలికి ఒక అలవాటు నేర్పాలి. ఈ రెండూ చేయనివాళ్లు ఆటోమేటిక్ కొన్నాక కూడా భయపడుతూనే ఉండటం చూశాను, అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తాను.

నేను విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా కారు నేర్పుతున్నాను. బెంజి సర్కిల్ దగ్గర కారు ఆగిపోయిందంటే మీకు నేర్చుకోవడం చేతకాలేదని అనుకోకండి. డ్రైవింగ్ స్కూలు కారులో శిక్షకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. రద్దీలో మీ కాలు క్లచ్‌ను తొందరగా వదిలేసిన ప్రతిసారీ ఆయన కాలు దాన్ని మళ్లీ లోపలికి నొక్కేస్తుంది. బండి సాఫీగా కదులుతుంది, మీరే కదిలించారని మీరు అనుకుంటారు. పదిహేను రోజులూ క్లచ్‌లో సగం పని ఆయనే చేసి ఉంటారు. పదహారో రోజు మీ సొంత కారులో పక్క సీటు కింద పెడల్ లేదు. నేనూ ఈ పని చాలా ఏళ్లు చేశాను. విద్యార్థులు బెదిరిపోకూడదని చేసేవాడిని, అది వాళ్లకు మేలు కాదని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇప్పుడు చివరి నాలుగు రోజులూ నా కాళ్లు వెనక్కి మడిచి కూర్చుంటాను.

మీ దారి నాకు బాగా తెలుసు. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీదుగా కంట్రోల్ రూమ్ దాకా సుమారు నాలుగు కిలోమీటర్లు. ఒక సాయంత్రం ఆరున్నరకు ఒక విద్యార్థిని పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఆ ఒక్క ముక్కలో ఆమె ఎడమకాలు 96 సార్లు క్లచ్ తొక్కింది. ఆగేటప్పుడు ఒకసారి, బయలుదేరడానికి ఒకసారి, రెండో గేరుకు ఒకసారి, పది అడుగులు కదలకుండానే మళ్లీ ఆగాలి కాబట్టి ఇంకోసారి. చేయితిరిగిన డ్రైవరుకు ఇది కాలు నొప్పి మాత్రమే. కొత్తవారికైతే బుర్రంతా ఆ కాలి మీదే ఉంటుంది. ఆమె ఆ 96 సార్లలో ఎడమ అద్దం చూసింది నాలుగైదు సార్లే. మన ఊళ్లో ఎడమ పక్క నుంచి బైకులు, ఆటోలు ఎలా దూరిపోతాయో మీకు చెప్పక్కర్లేదు. ఆటోమేటిక్‌తో మీకు దొరికే అసలు లాభం ఇదే. కాలి మీద పెట్టే ధ్యాసంతా అద్దాల మీదికి, ముందున్న బండి మీదికి వస్తుంది.

మాన్యువల్ వస్తేనే డ్రైవింగ్ అనే మాట గురించి ఒక్క ముక్క చెబుతాను. మన దేశంలో కారు లైసెన్సులో ఆటోమేటిక్, మాన్యువల్ అనే తేడా లేదు, మీ చేతిలో ఉన్న లైసెన్సు రెండింటికీ పనికొస్తుంది. గేరు మార్చడం చేతిపని, అది తర్వాతైనా వస్తుంది. దూరం అంచనా వేయడం, పక్కవాడు ఏం చేయబోతున్నాడో కనిపెట్టడం రోడ్డు మీద తిరిగితేనే వస్తుంది. భయంతో తాళం పక్కన పెట్టినవారికి అది రాదు.

ఇక ఏ ఆటోమేటిక్ అన్నది చూద్దాం. షోరూములో అన్నింటినీ ఒకే పేరుతో పిలుస్తారు గానీ, ఆగి ఆగి నడిచే రద్దీలో వాటి స్వభావాలు వేరు. మన దగ్గర చవకగా దొరికేది ఏఎంటీ. 2014లో మారుతి సెలేరియోతో ఇది సామాన్యుల కార్లలోకి వచ్చింది. దీని లోపల ఉన్నది మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్ పలక కూడా అదే. మీ ఎడమకాలు చేసే పనిని ఒక చిన్న యంత్రాంగం చేస్తుంది, అంతే. మాన్యువల్ కంటే సుమారు 50 నుంచి 60 వేల రూపాయలు ఎక్కువ. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య రాపిడి పలక బదులు నూనె తిరుగుతూ శక్తిని అందిస్తుంది. అందుకే అది మెత్తగా కదులుతుంది, ఎంతసేపు పాకించినా అక్కడ అరిగే క్లచ్ పలక ఉండదు. దానికీ, మెట్లుగా గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీకీ సాధారణంగా లక్ష పైనే తేడా పడుతుంది. రెండు క్లచ్‌లతో పనిచేసే డీసీటీ హైవే మీద చాలా బాగుంటుంది గానీ, పొడి క్లచ్‌లు ఉన్న రకం అంగుళం అంగుళం కదిలే రద్దీలో వేడెక్కుతుంది. మీ దారికి అది వద్దంటాను.

డబ్బుకు ఇబ్బంది లేకపోతే టార్క్ కన్వర్టర్ గానీ సీవీటీ గానీ తీసుకోండి. బడ్జెట్ తక్కువైతే ఏఎంటీ కూడా మీకు సరిపోతుంది, కానీ ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉన్న వేరియంట్ మాత్రమే. ఎందుకో ఒక అనుభవం చెబుతాను.

సత్యనారాయణపురంలో ఉండే ఒక టీచరు గారు నా దగ్గర మాన్యువల్ నేర్చుకున్నారు. మీలాగే ఏలూరు రోడ్డు మీద రెండుసార్లు ఆగిపోయి, ఇక నడపనని కూర్చున్నారు. నా సలహా మీద ఏఎంటీ కొన్నారు. ఖర్చు తగ్గుతుందని కింది వేరియంట్ తీసుకున్నారు, అందులో హిల్ హోల్డ్ లేదు. కొనే ముందు ఆ సంగతి నేను అడగలేదు, అది నా పొరపాటు. రోడ్డు మీద వారం రోజులు హాయిగా నడిపారు. ఆపద వాళ్ల సెల్లార్‌లోనే వచ్చింది.

విజయవాడ అపార్టుమెంట్ల సెల్లార్ ర్యాంపులు ఎలా ఉంటాయో తెలుసు కదా. స్థలం కలిసి రావాలని నిటారుగా కడతారు. పైకి రాగానే నేరుగా వీధి, అక్కడ ఆగి అటూ ఇటూ చూసి గానీ బయటికి రాలేం. ఆమె ర్యాంపు మధ్యలో, వీధి అంచుకు రెండు గజాల ముందు ఆగారు. పాలబండి వెళ్లింది. బ్రేకు మీద నుంచి కాలు తీశారు. బండి ముందుకు కదలాల్సింది పోయి వెనక్కి జారింది. ఏఎంటీలో బ్రేకు నొక్కి ఉన్నంతసేపూ క్లచ్ విడిపోయి ఉంటుంది. కాలు తీశాక యంత్రం దాన్ని కలపడానికి ఒక క్షణం పడుతుంది. కలిపినా, యాక్సిలరేటర్ లేకుండా ఇంజను ఇచ్చే బలం సమతలం మీద చాలుతుంది గానీ నిటారు ర్యాంపు మీద చాలదు. రెండడుగులు జారేసరికి ఆమె గుండె గుభేలుమంది. కాలు యాక్సిలరేటర్ మీదికి వెళ్లి గట్టిగా తొక్కింది. అప్పటికి క్లచ్ కలిసింది. బండి ఒక్క ఉదుటున వీధిలోకి దూకి, ఎదురింటి గేటుకు జానెడు దూరంలో ఆగింది. ఆ సమయంలో వీధిలో ఎవరూ లేకపోవడం అదృష్టం.

ఆ సాయంత్రం అదే ర్యాంపు మీద గంటన్నర కూర్చున్నాం. చేసిన పని ఇది. ర్యాంపు మీద ఆగగానే కాలు బ్రేకు మీద ఉండగా హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగాలి. ఇప్పుడు కాలు తీసినా బండి కదలదు, కాబట్టి వీధిని తీరిగ్గా చూడవచ్చు. దారి దొరికాక యాక్సిలరేటర్‌ను మెల్లగా, కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కాలి. ఇంజను గొంతు కొంచెం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేచినట్టు అనిపిస్తుంది. క్లచ్ కలిసి చక్రాలు ముందుకు లాగుతున్నాయనడానికి అదే గుర్తు. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించితే బండి వెనక్కి వెంట్రుకవాసి జారకుండా పైకి వస్తుంది. మొదట పదిసార్లలో ఆరుసార్లు ఆమె హ్యాండ్ బ్రేకు తొందరగా దించేశారు. ఇరవయ్యోసారికి ఆ బానెట్ కదలిక కోసం ఆగడం అలవాటైంది.

హిల్ హోల్డ్ ఉంటే ఈ హ్యాండ్ బ్రేకు పని చాలావరకు తప్పుతుంది. ఎత్తు మీద మీరు బ్రేకు వదిలాక అది సుమారు రెండు సెకన్లు బండిని పట్టి ఉంచుతుంది, ఆ లోపు కాలు యాక్సిలరేటర్ మీదికి వెళ్లాలి. రెండు సెకన్లే అని గుర్తుంచుకోండి, అది పార్కింగ్ బ్రేకు కాదు. ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఏఎంటీలో అలా చేస్తే క్లచ్ పలక రాసుకుంటూ కాలుతుంది. కాలిన వాసన వస్తే పక్కకు తీసి, ఎన్‌లో, అంటే న్యూట్రల్‌లో పెట్టి, చల్లారనివ్వాలి.

అందుకే టెస్ట్ డ్రైవ్ మీ ఇంటికే తెప్పించుకోండి. వాళ్లు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద తిప్పుతామంటారు, వద్దనండి. సాయంత్రం రమ్మనండి. ఏసీ వేసి, పక్కన ఇద్దరిని కూర్చోబెట్టుకుని మీ సెల్లార్‌లో నుంచి మీరే పైకి తీయండి. ర్యాంపు మధ్యలో కావాలని ఆపి మళ్లీ కదిలించండి. తర్వాత బెంజి సర్కిల్ కింద ఒక చుట్టు వేయండి. ఏఎంటీలో మొదటి గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు తల కొంచెం ముందుకు ఊగుతుంది, అది లోపం కాదు. గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలిస్తే ఆ ఊపు తగ్గుతుంది. సెకండ్ హ్యాండ్ ఏఎంటీ చూస్తుంటే మాత్రం, కదిలేటప్పుడు బండి గజగజ వణికినా, కదలడానికి ఇంజను చాలా అరవాల్సి వచ్చినా, క్లచ్ అరిగిందని లెక్క. వదిలేయండి.

ఇక కుడికాలి సంగతి. ఆటోమేటిక్‌లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ప్రమాదం ఇదే, దీన్ని దాచిపెట్టి మీకు ఆటోమేటిక్ కొనమని చెప్పలేను. మాన్యువల్‌లో మనిషి బెదిరితే రెండు కాళ్లూ ఒకేసారి తొక్కుతాడు. క్లచ్ లోపలికి వెళ్తుంది కాబట్టి, బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కినా ఇంజను అరుస్తుందే తప్ప చక్రాలకు బలం అందదు. ఆటోమేటిక్‌లో ఆ రక్షణ లేదు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే బండి దూకుతుంది. దూకిందని ఇంకా గట్టిగా తొక్కుతారు, ఎందుకంటే తొక్కుతున్నది బ్రేకే అని మనసు నమ్ముతూ ఉంటుంది. ఇది ఎక్కువగా జరిగేది రోడ్డు మీద కాదు, పార్కింగ్‌లో. రివర్స్‌లో మెడ, నడుము వెనక్కి తిప్పి చూసేటప్పుడు ఒంటితో పాటు కుడికాలు కూడా తెలియకుండా పక్కకు జరుగుతుంది.

దీనికి విరుగుడు మడమ స్థానం. కుడి మడమను బ్రేకు పెడల్‌కు సూటిగా నేల మీద ఆనించండి. యాక్సిలరేటర్ కావాలంటే మడమ ఎత్తకుండా పాదాన్ని మాత్రం కుడికి తిప్పండి. యాక్సిలరేటర్ వదిలితే పాదం తనంతట తాను బ్రేకు ముందుకే రావాలి. సీటు వెనక్కి ఉంటే ఇది కుదరదు. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండేలా సీటు ముందుకు జరుపుకోండి. ఎడమకాలు పక్కనున్న మెట్టు మీద ఉంటుంది, దానికి ఏ పనీ లేదు. మాన్యువల్ అలవాటు వల్ల మొదటి రెండు రోజులు ఆ కాలు క్లచ్ కోసం వెతుకుతుంది. అలా వెతికి బ్రేకును తొక్కితే, క్లచ్ తొక్కే బలంతో తొక్కుతుంది కాబట్టి బండి ఠక్కున ఆగిపోతుంది, వెనకవాడు వచ్చి తగులుతాడు. చీర కుచ్చిళ్లు పెడల్స్ మీద పడకుండా చూసుకోండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి.

మొదటి మూడు రోజులు ఖాళీ మైదానంలో యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా నడపండి. బ్రేకు నొక్కి డి లో, అంటే ముందుకు నడిపే గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు మెల్లగా సడలిస్తే బండి తనంతట తాను నడిచే మనిషి వేగంతో కదులుతుంది. దీన్నే క్రీప్ అంటారు. ఒక ఇటుక పెట్టుకుని, ముందు బంపరు సరిగ్గా దాని దగ్గరికి వచ్చేలా ఆపండి. ఇరవై అడుగులు వెళ్లండి, ఆపండి, మళ్లీ వెళ్లండి. రోజుకు అరగంట చాలు. తర్వాత ఇదే పని రివర్స్‌లో చేయండి. నాలుగో రోజు యాక్సిలరేటర్, అయిదో రోజు సెల్లార్ ర్యాంపు. మీ సాయంత్రపు బందరు రోడ్డు ప్రయాణంలో మూడు వంతులు ఈ క్రీప్ మీదే సాగుతుంది. మైదానంలో చేసినదే అక్కడా చేస్తారు.

రద్దీలోకి వెళ్లాక ఒక పద్ధతి పాటించండి. ముందు కారు రెండడుగులు కదిలిన ప్రతిసారీ మీరు కదలకండి. ఒక కారు పొడవు ఖాళీ ఏర్పడనిచ్చి, ఆ దూరం ఒకేసారి వెళ్లి ఆగండి. ఏఎంటీ అయితే దీనివల్ల క్లచ్ ఆయుష్షు పెరుగుతుంది, ఏ బండికైనా మీ కాలికి విశ్రాంతి. ఆ ఖాళీలోకి బైకు దూరుతుంది, ఆటో దూరుతుంది. దూరనివ్వండి. ఆఫీసుకు ఒక నిమిషం ఆలస్యమవుతుంది, అంతే. ఆగినప్పుడు ముందు కారు వెనక టైర్లు నేలను తాకే చోటు మీకు కనిపిస్తూ ఉండాలి. అంత దూరం ఉంటే అది వెనక్కి జారినా, చెడిపోయి నిలిచిపోయినా మీరు స్టీరింగ్ తిప్పి పక్కకు రాగలరు.

పెద్ద సిగ్నల్ దగ్గర నిమిషం పైగా ఆగాల్సి వస్తే ఎన్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగండి. డి లో బ్రేకు నొక్కి ఉంచితే బండికి నష్టం లేదు గానీ, ఫోను మోగినప్పుడో వెనకవాడు హారన్ కొట్టినప్పుడో కాలు సడలితే బండి ముందుకు వెళ్లి తగులుతుంది. పచ్చలైటు పడ్డాక బండి ఎన్‌లో ఉందని మరిచిపోయి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను గట్టిగా అరుస్తుంది. అప్పుడు కంగారుగా డి లోకి లాగకండి. కాలు తీసి, బ్రేకు నొక్కి, ఆ తర్వాతే డి. ఈ వరస ఇంట్లో కూర్చుని నోటితో చెప్పుకున్నా పనికొస్తుంది.

చాలా ఏఎంటీ కార్లలో పార్కింగ్ కోసం పి ఉండదు. దిగే ముందు బ్రేకు నొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి, లివర్ డి లో గానీ ఆర్ లో గానీ ఉండగా ఇంజను ఆపాలి. బండి గేరులో పట్టి ఉంటుంది. ఎన్‌లో వదిలేసి దిగితే సెల్లార్‌లో ఏ కొద్ది వాలు ఉన్నా జారుతుంది.

రెండు సందర్భాల్లో మాత్రం నేను మాన్యువల్‌తోనే కుదుటపడమంటాను. ఇంట్లో ఉన్న ఆ పాత కారే ఇంకో రెండేళ్లు నడపక తప్పదంటే ఒకటి. ఆటోమేటిక్ కోసం ఎయిర్‌బ్యాగులు తక్కువ ఉన్న మోడల్‌కు దిగాల్సి వస్తే రెండోది. అప్పుడు ఒక పని చేయండి. సమతలం మీద, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, మొదటి గేరులో క్లచ్‌ను నాలుగు సెకన్లు లెక్కపెడుతూ పూర్తిగా వదలండి. ఇప్పటి కార్లలో చాలావరకు ఆగిపోకుండా కదులుతాయి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అప్పుడు మీ కాలికి తెలుస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర మీ కారు ఆగిపోయింది ఆ చోటు మీకు తెలియకే.

మీ సెల్లార్ ర్యాంపు ఎంత నిటారుగా ఉందో, ఏ రెండు మూడు మోడల్స్ మీద మనసుందో రాస్తే, వాటిలో ఏ వేరియంట్ నుంచి హిల్ హోల్డ్ వస్తుందో చూసి చెబుతాను.